ఏడో తరగతి ఉష్ణ ప్రసారం ప్రశ్నలు: బకెట్ అడుగున నీళ్ళు చల్లగానే ఎందుకు ఉన్నాయి?

ఏడో_పీరియడ్

ఏడో తరగతి పిల్లలకు ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం అనే మూడింటి మీద పది ప్రశ్నల పత్రం ఇచ్చాను. ఎనిమిదింటికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మిగిలిన రెండింటి మీద పిల్లలతో పాటు వారి తల్లిదండ్రులు కూడా వాదనకు దిగారు కనుక, ఇక్కడ మీ అభిప్రాయం అడుగుతున్నాను.

6వ ప్రశ్న: "ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్ళు పోసి, హీటర్ రాడ్ అడుగుకు తగలకుండా, బకెట్ లోతులో మూడింట రెండు వంతుల వరకే దిగేలా పెట్టి కాచారు. పైనున్న నీళ్ళు చేయి పెట్టలేనంతగా కాగినా అడుగు నీళ్ళు చల్లగానే ఉన్నాయి. కారణం రాయండి. (2 మార్కులు)"

జవాబుల పట్టికలో నేను రాసుకున్నది "నీరు అధమ ఉష్ణవాహకం" అని. ఒక అమ్మాయి మాత్రం "వేడెక్కిన నీరు తేలికై పైకే పోతుంది, కిందికి రాదు" అని రాసింది. ఆమెకు ఒక మార్కు వేశాను. వాళ్ళ నాన్నగారు రెండు మార్కులూ రావాలని అంటున్నారు.

3వ ప్రశ్న: "చలిమంట దగ్గర చేతులు పెడితే వెచ్చగా ఉంటుంది. వేడి మన చేతికి ఏ పద్ధతిలో చేరుతుంది?" నా జవాబు ఉష్ణవికిరణం. ముగ్గురు పిల్లలు ఉష్ణసంవహనం అని రాశారు.

రెండో_బెంచీ

ఆ అమ్మాయి రాసినదే సరైన జవాబు. వేడి ఎప్పుడూ పైకే పోతుంది, కిందికి దిగదు. అందుకే బకెట్ అడుగు చల్లగా ఉంది. ఇందులో వాహకం, అధమ వాహకం అన్న ప్రసక్తే రాదు. రెండు మార్కులూ వేసేయండి.

సూర్యాపేట_శ్రీను

అసలు అంత చిన్న రాడ్ ఎందుకు వాడారు? మా ఇంట్లో 1500 వాట్ల రాడ్ వాడుతున్నాము. పదిహేను నిమిషాల్లో బకెట్ కాగిపోతుంది. కాకపోతే కరెంటు బిల్లు చూసినప్పుడు మాకు చెమటలు పడతాయి, అది ఏ రకమైన ఉష్ణ ప్రసారమో మాస్టారు గారే చెప్పాలి.

తూనికరాళ్ళు

శ్రీను గారూ, ప్రశ్న రాడ్ సామర్థ్యం గురించి కాదు, రాడ్ ఎంత లోతు వరకు దిగిందనే దాని గురించి. 1500 వాట్ల రాడ్ పెట్టినా, అది పైభాగంలోనే వేలాడితే అడుగు నీళ్ళు చల్లగానే ఉంటాయి.

రెండో_బెంచీ గారు రాసినదానిలో సగం సరైనది, సగం కాదు. వేడి పైకి పోతుందన్న నియమం ఏదీ లేదు. ఒక ఇనుప కడ్డీని నిలువుగా పట్టుకుని పై కొసను మంటలో పెట్టండి, కాసేపటికి కింద పట్టుకున్న చేయి కాలుతుంది. అక్కడ వేడి కిందికే కదా వచ్చింది! వేడి ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు పోతుంది, దానికి పైన కింద అన్న భేదం తెలియదు. పైకి పోయేది వేడెక్కిన నీరు, లేదా వేడెక్కిన గాలి. అది వ్యాకోచించి, సాంద్రత తగ్గి, చుట్టూ ఉన్న బరువైన చల్లని నీటి వల్ల పైకి నెట్టబడుతుంది. ఆ అమ్మాయి "వేడెక్కిన నీరు" అని రాసింది గాని "వేడి" అని రాయలేదు. మీకన్నా ఆమె జాగ్రత్తగా రాసింది.

ఇక మార్కుల సంగతి. నా దృష్టిలో ఆమె జవాబూ సగమే, మాస్టారి పట్టికలోని జవాబూ సగమే. రెండు మార్కుల ప్రశ్నకు రెండు కారణాలు ఉన్నాయి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి ఉంది.

ఏడో_పీరియడ్

నా జవాబు సగమే ఎలా అవుతుందో కొంచెం వివరంగా చెప్పండి. నీరు మంచి ఉష్ణవాహకం అయి ఉంటే అడుగు వరకు వేడి చేరేది. కాదు కనుక చేరలేదు. ఇంతకన్నా కారణం ఏం కావాలి?

తూనికరాళ్ళు

అదే నీటిని స్టౌ మీద గిన్నెలో పెట్టండి. గిన్నె అడుగు నుంచి నీటి పైభాగానికి కొన్ని నిమిషాల్లోనే వేడి చేరిపోతుంది. నీరు అక్కడా అధమ ఉష్ణవాహకమే, దాని గుణం మారలేదు. కాబట్టి "నీరు అధమ ఉష్ణవాహకం" అన్న ఒక్క వాక్యంతో బకెట్ అడుగు ఎందుకు చల్లగా ఉందో చెప్పగలిగితే, అదే వాక్యంతో గిన్నెలో నీళ్ళు పైవరకు కాగవని కూడా చెప్పాల్సి వస్తుంది. కాగుతున్నాయి కనుక ఆ వాక్యం ఒక్కటే సరిపోదు.

గిన్నెలో వేడి కింది నుంచి వస్తుంది. అడుగున వేడెక్కిన నీరు పైకి లేస్తుంది, పైనున్న చల్లని నీరు దాని స్థానంలోకి దిగుతుంది, ఆ తిరుగుడు ఆగదు. బకెట్‌లో వేడి పై నుంచి వస్తుంది. రాడ్ చుట్ట కన్నా పైనున్న నీరంతా ఆ తిరుగుడులో పాల్గొంటుంది, బాగా కాగుతుంది. చుట్టకు కిందనున్న నీరు మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది, ఎందుకంటే బరువైనది ఇప్పటికే అడుగున ఉంది, తేలికైనది ఇప్పటికే పైన ఉంది, వాటికి స్థానాలు మార్చుకోవాల్సిన అవసరం లేదు. అంటే సంవహనం ఆ హద్దు దగ్గర ఆగిపోయింది. ఇంతవరకు ఆ అమ్మాయి చెప్పింది.

అయితే సంవహనం ఆగినా వహనం ఉంటుంది కదా అన్న ప్రశ్న మిగిలింది. అక్కడ మీ జవాబు అవసరమవుతుంది. నిశ్చలంగా ఉన్న పది సెంటీమీటర్ల మందపు నీటి పొరలో కేవలం వహనం ద్వారా వేడి అటు నుంచి ఇటు చేరి సర్దుకోవాలంటే గంటలు గంటలు పడుతుంది. అదే మందం ఇనుము అయితే నిమిషాల్లో తేలిపోతుంది. ఇంకో విషయం, ఈ సమయం మందానికి వర్గంగా పెరుగుతుంది. ఒక సెంటీమీటరు పొరకు పట్టే సమయం కన్నా పది సెంటీమీటర్ల పొరకు నూరు రెట్లు పడుతుంది. అందుకే చుట్టకు సరిగ్గా కిందనున్న పలుచని పొర కొంత వెచ్చబడుతుంది గాని అడుగుకు మాత్రం ఏమీ తెలియదు.

ఒక కారణాన్ని తీసేసి చూడండి. రాడ్‌ను అడుగు దాకా దింపితే నీరు అధమ ఉష్ణవాహకంగా ఉంటూనే బకెట్ అంతా కాగుతుంది. లేదా, బకెట్ ఆకారంలో గడ్డకట్టిన ఇనుప దిమ్మను పై నుంచి వేడి చేస్తే సంవహనం ఏ మాత్రం లేకపోయినా అడుగు వేడెక్కుతుంది. రెండు కారణాలూ ఒకేసారి ఉంటేనే అడుగు చల్లగా ఉంటుంది.

రెండో_బెంచీ

ఇనుప కడ్డీ మాట ఒప్పుకుంటాను. అయితే వికిరణం సంగతి ఏమిటి? దానికి యానకం అక్కర్లేదు, అన్ని దిక్కులకూ పోతుంది. రాడ్ నుంచి వికిరణం కిందికి కూడా పోవాలి కదా. మరి అడుగు నీళ్ళు దానితో ఎందుకు కాగలేదు?

తూనికరాళ్ళు

మంచి ప్రశ్న అడిగారు. కంటికి కనిపించే వెలుతురుకు నీరు పారదర్శకం గాని, అంత ఉష్ణోగ్రత దగ్గర రాడ్ వెలువరించే పరారుణ కిరణాలకు కాదు. మిల్లీమీటరు కూడా దాటకముందే నీరు వాటిని శోషించుకుంటుంది. అందుచేత ఈ బకెట్‌లో వికిరణానికి చెప్పుకోదగ్గ పాత్ర లేదు. ఏడో తరగతి పిల్లవాడు ఇది రాయాలని నేను ఆశించను, అడిగితే మాత్రం మెచ్చుకుంటాను.

వంటింటి_సరళ

మీరందరూ బకెట్ దగ్గరే ఆగిపోయారు గాని, ఇదే విషయం రోజూ వంటింట్లో ఉంది. నీళ్ళు ఎంతసేపు కాగినా గిన్నెకు అడుగంటవు. ముద్దపప్పు, రాగి జావ, పాయసం మాత్రం కలపడం మానేసిన మరుక్షణం అడుగంటుతాయి. మా పెద్ద కోడలికి ఎన్నిసార్లు చెప్పినా స్టౌ మీద జావ పెట్టి ఫోన్ పట్టుకుంటుంది. దీనికి కారణం కూడా అదే అయి ఉంటుందా?

తూనికరాళ్ళు

అదే కారణం సరళ గారూ, ఈ ఉదాహరణ బకెట్ కన్నా బాగుంది. జావ చిక్కగా ఉంటుంది కనుక, అడుగున వేడెక్కినా సులభంగా పైకి కదలలేదు. సంవహనం దాదాపు ఆగిపోతుంది. జావలో ఎక్కువ భాగం నీరే కాబట్టి వహనం కూడా బలహీనమే. పైకి పోయే దారి లేక వేడంతా అడుగు పొరలోనే పేరుకుంటుంది. ముందు అక్కడి నీరు ఆవిరైపోతుంది. నీరు ఉన్నంతవరకు ఆ పొర ఉష్ణోగ్రత నూరు డిగ్రీల దగ్గర నిలుస్తుంది, అది పోయాక ఇక అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది, పిండి మాడుతుంది. పైన మాత్రం ఇంకా వేలు పెట్టగలిగేంత గోరువెచ్చగా ఉండవచ్చు. గరిటెతో కలపడమంటే, తనంతట తాను జరగని సంవహనాన్ని మన చేత్తో జరిపించడమే.

పలుచని స్టీలు గిన్నెలో ఈ బాధ ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు లోహమే గాని లోహాలలో అది బలహీనమైన వాహకం, అల్యూమినియంతో పోలిస్తే పదో వంతుకన్నా తక్కువ. మంట తగిలిన చోటే కాలిపోయి, పక్కలకు వేడి పంచదు. దళసరి అల్యూమినియం గిన్నెలోనో, అడుగున రాగి పూత ఉన్న గిన్నెలోనో కొంత నయం, అయితే రాగి పూత మరీ పలుచగా ఉంటే అది అందానికే.

రెండో_బెంచీ

గరిటెతో కలపడాన్ని సంవహనం అంటే నేను ఒప్పుకోను. సంవహనం అంటే సాంద్రత తేడా వల్ల తనంతట తాను జరిగేది. గరిటె తిప్పితే అది కలపడం అవుతుంది, అంతే.

తూనికరాళ్ళు

ఇంజనీరింగులో దానిని బలవంతపు సంవహనం అని స్పష్టంగా పిలుస్తారు. ఫ్యాన్ కింద కూర్చుంటే ఒంటి వేడి పోవడం, కారు రేడియేటర్‌లో పంపు నీటిని తిప్పడం అన్నీ ఆ కోవలోనివే. ద్రవం కదులుతూ తనతో వేడిని మోసుకుపోతే అది సంవహనం. కదిలించింది సాంద్రత తేడానా, గరిటెనా అన్నది తర్వాతి విషయం.

రెండో_బెంచీ

ఇంజనీరింగులో ఎలా ఉన్నా, ఏడో తరగతిలో పిల్లలకు "వేడెక్కిన ద్రవం పైకి పోవడం" అనే నేర్పుతారు. పరీక్షలో గరిటె ఉదాహరణ రాసి సంవహనం అంటే మార్కు వేయని వాళ్ళు చాలామంది ఉంటారు. నా అభిప్రాయం మారలేదు.

రేకుబకెట్

నాది వేరే అనుభవం. మా ఇంట్లో పాత రేకు బకెట్ ఉంది. అందులో రాడ్ పెడితే అడుగు నీళ్ళు కూడా బాగానే వెచ్చగా ఉంటాయి. ప్లాస్టిక్ బకెట్‌లో పెడితే అడుగు చల్లగా ఉంటుంది. రేకు ఇనుము కనుక, అది వేడిని కిందికి మోసి అడుగు నీళ్ళను కాస్తుందని నా నమ్మకం. మాస్టారు ప్రశ్నలో "ప్లాస్టిక్ బకెట్" అని ప్రత్యేకంగా రాయడానికి కారణం కూడా అదే అనుకుంటున్నాను.

తూనికరాళ్ళు

మీ ఆలోచన దారి సరైనదే, అయితే లెక్క వేస్తే అది నిలబడదు. ఇనుము నీటికన్నా నూరు రెట్లు దాకా మంచి వాహకం అన్నది నిజం. కాని బకెట్ గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. చుట్టుకొలత తొంభై సెంటీమీటర్లు, మందం అర మిల్లీమీటరు అనుకుంటే, పై నుంచి కిందికి వేడి ప్రయాణించడానికి ఉన్న ఇనుప దారి వైశాల్యం నాలుగున్నర చదరపు సెంటీమీటర్లే. లోపలి నీటి వైశాల్యం ఆరు వందల చదరపు సెంటీమీటర్ల పైచిలుకు, అంటే నూటముప్పై రెట్లకు మించి ఉంది. వాహకతలో ఇనుము గెలిచిన దానిని వైశాల్యంలో నీరు లాగేసుకుంటుంది. మొత్తం మీద ఆ రేకు గోడ మోసే వేడి, అంత లోతు నీరు తనంతట తాను మోసే వేడి ఇంచుమించు సమానం. రెండూ కలిసినా అరగంటలో ఐదు లీటర్ల నీటిని వెచ్చబెట్టే శక్తి వాటికి లేదు.

మీ రేకు బకెట్ లోతు తక్కువై, రాడ్ చుట్ట అడుగుకు దగ్గరగా చేరుతోందేమో చూడండి. రెండు బకెట్లలోనూ చుట్ట కింద ఎన్ని అంగుళాల నీళ్ళు మిగులుతున్నాయో స్కేలుతో కొలిస్తే తేలిపోతుంది.

దానికన్నా ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. రేకు బకెట్‌లో రాడ్ వాడకండి. రాడ్ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే బకెట్ మొత్తానికి కరెంటు వస్తుంది. ప్లాస్టిక్ బకెట్ అయినా సరే, స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయటకు తీశాకే నీళ్ళలో చేయి పెట్టాలి.

రేకుబకెట్

రాడ్ మాట వింటాను. బకెట్ లోతు మాత్రం రెండింటిదీ ఒకేలా ఉన్నట్టే కనిపిస్తుంది. కొలిచి మళ్ళీ రాస్తాను, అప్పటివరకు నేను ఓడిపోయినట్టు కాదు.

ఏడో_పీరియడ్

పిల్లలకు అంకెలతో ఒక ఉదాహరణ చెప్పగలిగితే బాగుంటుంది. "కొంచెం చల్లగా, బాగా వేడిగా" అంటే వారికి పట్టుదొరకడం లేదు.

తూనికరాళ్ళు

పదిహేను లీటర్ల బకెట్ తీసుకుందాం. నీళ్ళు మొదట 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నాయి. రాడ్ 1000 వాట్లది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4.2 కిలోజౌళ్ళు కావాలి. బయటకు పోయే వేడిని పక్కన పెడదాం.

బకెట్ మొత్తం 45 డిగ్రీలకు రావాలంటే 15 × 4.2 × 20 = 1260 కిలోజౌళ్ళు. 1000 వాట్లు అంటే సెకనుకు ఒక కిలోజౌలు కనుక 1260 సెకన్లు, అంటే ఇరవై ఒక్క నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు రాడ్ చుట్ట మూడింట రెండు వంతుల లోతులోనే ఆగిందనుకుందాం. పైనున్న పది లీటర్లే కాగుతాయి, కిందనున్న ఐదు లీటర్లు కాగవు. అదే ఇరవై ఒక్క నిమిషాల్లో అదే 1260 కిలోజౌళ్ళు పది లీటర్లకే దక్కాయి. 1260ని 42తో భాగిస్తే 30 డిగ్రీలు. అంటే పైనీళ్ళు 55 డిగ్రీలకు చేరాయి, అడుగు నీళ్ళు 25 దగ్గరే ఉన్నాయి. 55 డిగ్రీల నీటిలో చేయి ఉంచలేము, కాలుతుంది. ప్లగ్ పీకి, రాడ్ తీసేసి, చెంబుతో బాగా తిరగేస్తే మొత్తం 45 డిగ్రీలకు వస్తుంది. ఖర్చయిన కరెంటు ఒక్కటే, అందిన వేడీ ఒక్కటే. తేడా అంతా అది ఎక్కడ ఉండిపోయిందన్న దానిలోనే ఉంది.

నిజమైన బకెట్‌లో 55కూ 25కూ మధ్య గీత గీసినట్టు హద్దు ఉండదు, ఒకటి రెండు అంగుళాల మేర క్రమంగా తగ్గుతుంది.

సూర్యాపేట_శ్రీను

అంటే ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పైనీళ్ళకు చేయి పెట్టి "కాగాయి" అని అరిచి, చివరి చెంబు దగ్గర గజగజ వణికింది నీటి తప్పు కాదన్నమాట. కలపకుండా పోసుకున్న వాళ్ళ తప్పు.

పాత_ల్యాబ్

తరగతిలో హీటర్ రాడ్‌తో ఎవరూ ఈ ప్రయోగం చేయకండి. ఇదే విషయాన్ని పరీక్షనాళికలో చక్కగా చూపించవచ్చు. చిన్న మంచు ముక్కకు తీగ చుట్టి నాళిక అడుగుకు జారవిడవాలి. తీగ లేకపోతే మంచు తేలిపోతుంది, ప్రయోగం అక్కడే ముగుస్తుంది. ముప్పాతిక వరకు నీళ్ళు పోసి, నాళికను ఏటవాలుగా పట్టుకారుతో పట్టుకుని, స్పిరిట్ దీపాన్ని పైభాగం దగ్గర ఉంచాలి. పైనీళ్ళు బుడబుడ మరుగుతుంటే అడుగున మంచు అలాగే ఉంటుంది. నాళిక మూతి పిల్లల వైపు ఉండకూడదు, నీళ్ళు ఎగిరిపడతాయి.

తర్వాత దీపాన్ని అడుగుకు మార్చి, మంచును పైన తేలనిచ్చి మళ్ళీ చేయండి. ఈసారి మంచు త్వరగా కరుగుతుంది. రెండూ పక్కపక్కన చూపిస్తేనే ప్రయోజనం. మొదటిది ఒక్కటే చూపిస్తే పిల్లలు "నీరు అధమ ఉష్ణవాహకం" అని రాసుకుని వెళ్ళిపోతారు, తర్వాత ఇదిగో ఇలాంటి చర్చ మొదలవుతుంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఎవరైనా ఉత్సాహపడి జ్వరం చూసే థర్మామీటరును బకెట్‌లో పెట్టేరు. అది 35 నుంచి 42 డిగ్రీల వరకే చూపిస్తుంది, పాదరసం ఉన్నదైతే ఆ పైన పగిలిపోతుంది. నీటికి ప్రయోగశాల థర్మామీటరే వాడాలి, అదీ నీళ్ళలో ఉంచే చదవాలి.

మిన్నెసోటా_మాధవి

మా ఊళ్ళో చలికాలంలో చెరువులు పైన గడ్డకడతాయి, మంచు కింద అడుగున నాలుగు డిగ్రీల నీళ్ళు ఉంటాయి. చేపలు అక్కడే బతుకుతాయి. వెచ్చని నీరు పైకి పోవాలన్న నియమానికి ఇది వ్యతిరేకంగా ఉంది కదా అని మా అబ్బాయి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

తూనికరాళ్ళు

నియమం "బరువైనది కిందికి, తేలికైనది పైకి" అన్నది మాత్రమే. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా సాంద్రంగా ఉంటుంది. అంతకన్నా చల్లబడితే తిరిగి వ్యాకోచించి తేలికవుతుంది. అందుచేత 4 డిగ్రీల నీరు అడుగున, సున్నా దగ్గరి నీరు పైన ఉంటుంది. మీ చెరువులో చలి పై నుంచి వస్తుంది. చెరువంతా 4 డిగ్రీలకు చేరేవరకు సంవహనం జరుగుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. అక్కడి నుంచి అడుగు నీళ్ళను కాపాడేది మళ్ళీ నీటి బలహీనమైన వాహకతే. మీ అబ్బాయికి ఈ బకెట్ ప్రశ్న ఇచ్చి చూడండి, రెండు కారణాలూ రాస్తాడు.

వంటింటి_సరళ

మాస్టారూ, 3వ ప్రశ్నను అందరూ మరచిపోయారు. మంటకు చేయి పక్కన పెట్టారా, పైన పెట్టారా? పైన పెడితే చేయి కాలేది వేడి గాలికి, పక్కన పెడితే వేరు. "దగ్గర" అంటే పిల్లలు ఏది అనుకోవాలి?

ఏడో_పీరియడ్

చలిమంట చుట్టూ కూర్చునేది పక్కనే కదా, పైన ఎవరు పెడతారు? బొమ్మ వేయకపోయినా అర్థమవుతుందని నా ఉద్దేశం.

పాత_ల్యాబ్

చేతులు మంట మీదుగా చాపే వాళ్ళను నేను రోజూ చూస్తున్నాను. సరళ గారి మాట సరైనది.

తూనికరాళ్ళు

పక్కన పెట్టినప్పుడు అది వికిరణమే అని ఎలా తెలుస్తుందో చెబుతాను. మంట పైకి వేడి గాలి లేచిపోతుంటే, ఆ ఖాళీని నింపడానికి పక్కల నుంచి చల్లని గాలి మంట వైపుకు వస్తుంది. చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు ముఖం కాలుతుంటే వీపుకు ఇంకా చలిగాలి తగలడంలో ఆ గాలికి కూడా కొంత వంతు ఉంది. అంటే పక్కన ఉన్న చేతి మీదుగా గాలి మంట వైపుకే వెళుతోంది, మంట నుంచి రావడం లేదు. ఎదురు దిశలో వెళ్ళే గాలి వేడిని మోసుకురాలేదు కాబట్టి సంవహనం కాదు. గాలి నీటికన్నా ఇంకా అధమ వాహకం కాబట్టి వహనమూ కాదు. ఇక మిగిలింది వికిరణమే.

పిల్లలతో చేయించదగిన పరీక్ష ఒకటి ఉంది. పక్కన అడుగున్నర దూరంలో చేయి ఉంచి, చేతికి మంటకు మధ్య ఒక అట్టముక్కను అడ్డం పెట్టండి. వెచ్చదనం ఆ క్షణంలోనే పోతుంది, తీస్తే ఆ క్షణంలోనే వస్తుంది. అట్టను మంటకు మరీ దగ్గరగా పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు. మంట పైన చాపిన చేతికైతే రెండూ తగులుతాయి, వేడి గాలి వాటా ఎక్కువ. కాబట్టి "సంవహనం" అని రాసిన ముగ్గురినీ చేయి ఎక్కడ పెట్టారని అడిగి మార్కు వేయడం న్యాయం.

ఏడో_పీరియడ్

అందరినీ పిలిచి అడగడం నా వల్ల కాదు, ఈసారికి ఆ ముగ్గురికీ సగం మార్కు ఇస్తాను. 6వ ప్రశ్నకు ఇకపై రెండు కారణాలకు ఒక్కొక్క మార్కు. ఆ లెక్కన ఆ అమ్మాయికి వేసిన ఒక మార్కు అలాగే ఉంటుంది. నా పట్టికలోని జవాబు ఒక్కటే రాసిన వాళ్ళకు కూడా ఒకటే వస్తుంది, వాళ్ళ తల్లిదండ్రులు రేపు వస్తారు. వచ్చే ఏడాదికి ప్రశ్నలను ఇలా మార్చాను:

3. "చలిమంటకు పక్కగా, అడుగున్నర దూరంలో చేతులు చాపి కూర్చున్నారు. చేతికీ మంటకూ మధ్య అట్ట పెట్టగానే వెచ్చదనం పోయింది. దీనిని బట్టి వేడి చేతికి ఏ పద్ధతిలో చేరుతోంది? ఎలా చెప్పగలవు?"

6. "బకెట్‌లో పైభాగాన ఉన్న రాడ్ వల్ల అడుగు నీళ్ళు కాగలేదు. అదే నీటిని గిన్నెలో పోసి స్టౌ మీద పెడితే పైవరకు కాగాయి. నీరు రెండు చోట్లా అధమ ఉష్ణవాహకమే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వచ్చింది?"

రెండో_బెంచీ

6వ ప్రశ్న పన్నెండేళ్ళ పిల్లలకు కష్టం. పాత ప్రశ్నే ఉంచి, ఇద్దరికీ పూర్తి మార్కులు వేస్తే సరిపోయేది.

పాత_ల్యాబ్

పరీక్షనాళికతో రెండు ప్రయోగాలూ చూసిన పిల్లలకు కష్టం కాదు. చూడని పిల్లలకు కష్టమే, అక్కడ మీతో ఏకీభవిస్తాను.

సూర్యాపేట_శ్రీను

ఇంతకీ నా ప్రశ్న ఒకటి మిగిలింది. మా అన్నయ్య ఇంట్లో గోడకు పెట్టిన గీజర్ ఉంది. వేడినీళ్ళు ఒకే రకంగా వస్తూ వస్తూ, చివర్లో ఉన్నట్టుండి చల్లబడిపోతాయి. మెల్లగా తగ్గితే సర్దుకోవచ్చు, ఒక్కసారిగా ఎందుకు పడిపోతుంది?

తూనికరాళ్ళు

మీరు మొదట పక్కదారి పట్టినా చివరకు అసలు చోటుకే వచ్చారు. గీజర్ తొట్టిలోకి చల్లని నీళ్ళు వచ్చే గొట్టం అడుగున తెరుచుకుంటుంది, వేడినీళ్ళు బయటకు పోయే గొట్టం పైభాగం నుంచి తీసుకుంటుంది. మీరు వేడినీళ్ళు వాడుతుంటే కింద చల్లని నీళ్ళు చేరి, పైనున్న వేడినీళ్ళను కలిసిపోకుండా పైకి నెడతాయి. బకెట్‌లో మనకు చికాకు తెప్పించిన ఆ హద్దునే ఇక్కడ కావాలని వాడుకున్నారు. కలిసిపోతే మొదటి చెంబు నుంచే గోరువెచ్చని నీళ్ళు వచ్చేవి. ఆ హద్దు మెల్లగా పైకి జరిగి బయటకు పోయే గొట్టం నోటి దగ్గరకు చేరినప్పుడు మీకు చల్లని నీళ్ళు మొదలవుతాయి. కుళాయిని పూర్తిగా తిప్పి వదిలితే లోపలికి వచ్చే నీళ్ళు వేగంగా చిమ్మి ఆ హద్దును చెదరగొడతాయి, కనుక కాస్త తక్కువగా తిప్పి చూడండి.

రేకుబకెట్

కొలిచాను. రేకు బకెట్‌లో చుట్ట కింద రెండు అంగుళాలు, ప్లాస్టిక్ బకెట్‌లో నాలుగు అంగుళాలు మిగులుతున్నాయి. అయినా రేకు వల్ల కొంచెమైనా వెచ్చబడి ఉంటుందనే నా అనుమానం.